ఫోన్‌లో కుదిరిన పనికి ఆ రోజే ఒక మెయిల్

పరాయి దేశంలో ఉద్యోగం చేస్తూ పక్కన చిన్న వ్యాపారమేదో మొదలుపెట్టేవాళ్లు పనిని ఇంకో దేశంలో ఉన్న ఫ్రీలాన్సర్‌కు అప్పగించడం మామూలే. మాట్లాడేది మన భాషే, పరిచయం చేసింది తెలిసినవాళ్లే. దాంతో మొహమాటం కొద్దీ అంతా ఫోన్‌లోనే తేల్చేసుకుంటారు. తర్వాత వచ్చే పేచీల్లో మోసం ఉండేది తక్కువ. చాలావరకు, ఒకే మాటను ఇద్దరూ చెరోలా గుర్తుపెట్టుకుని ఉంటారు.

ట్యూషన్ క్లాసులకు వెబ్‌సైట్ చేయించుకుంటున్నారనుకోండి. ఫోన్‌లో తేలింది ఇంతే: ఐదు పేజీలు, 1,200 డాలర్లు, నాలుగు వారాలు. ఆ రోజే పంపాల్సిన మెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండీ. ఇవాళ మనం అనుకున్నవి రాస్తున్నాను. హోమ్, కోర్సులు, ఫీజులు, టీచర్లు, కాంటాక్ట్ అని ఐదు పేజీలు, ఒక ఎంక్వైరీ ఫారం. రాయాల్సిన మ్యాటర్, ఫొటోలు నేనిస్తాను. లోగో, ఆన్‌లైన్ పేమెంట్, తర్వాతి మెయింటెనెన్స్ ఇందులో లేవు. డిజైన్‌లో రెండు విడతల మార్పులు. ఫీజు 1,200 అమెరికన్ డాలర్లు: మొదట్లో 360, డిజైన్ ఓకే చేశాక 480, చివర్లో 360. నేను జూన్ 2కల్లా మ్యాటర్ పంపితే, జూన్ 12కి డిజైన్, జూన్ 30కి సైట్, మీ టైమ్ ప్రకారం సాయంత్రం 6 గంటలకు. నేనెన్ని రోజులు ఆలస్యం చేస్తే మీ గడువు అన్ని రోజులు జరుగుతుంది. సైట్ అందాక 5 పనిదినాల్లో లోపాలు చెప్తాను. చెప్పకపోతే పని అందినట్టే, చివరి విడత డబ్బు పంపేస్తాను. ఏదైనా తేడాగా ఉంటే చెప్పండి, లేకపోతే 'ఒప్పుకుంటున్నాను' అని జవాబివ్వండి."

ఈ మెయిల్‌లో అన్నిటికన్నా విలువైన మాట "ఇందులో లేవు" అన్నది. వెబ్‌సైట్ అంటే లోగో కూడా వస్తుందని చేయించుకునేవారు అనుకుంటారు, చేసేవారి లెక్కలో అది వేరే పని. మార్పుల విషయమూ అంతే. విడత అంటే అభ్యంతరాలన్నీ ఒకే మెయిల్‌లో కూర్చి పంపడం అని ముందే చెప్పుకోకపోతే, రోజుకో వాట్సాప్ మెసేజ్ పెట్టి అదంతా ఒకే విడత అనేవాళ్లు ఉంటారు. ఐదు పనిదినాల షరతు ఫ్రీలాన్సర్‌కు రక్షణ. "పని పూర్తయ్యాక ఇస్తాను" అని వదిలేస్తే, పూర్తయిందని తేల్చాల్సిన మనిషి రెండు నెలలు సైట్ తెరిచి చూడకపోవచ్చు.

తేదీలో నెల పేరు అక్షరాల్లోనే రాయాలి. 06/07 అంటే కొన్ని దేశాల్లో జూన్ 7, మరికొన్నిట్లో జూలై 6.

డబ్బు దగ్గర ఇంకో చిక్కుంది. అంతర్జాతీయ బ్యాంకు బదిలీలో మధ్యనున్న బ్యాంకులు ఛార్జీలు కోసుకోవచ్చు. 360 పంపితే 340 అందిందని, మిగతాది ఎవరు భరించాలని మాట పెరుగుతుంది. ఫారంలో OUR అని ఉంటే ఛార్జీలు పంపేవారివి, SHA అయితే ఇద్దరివీ. ఏది వాడతారో ముందే తేల్చుకుని మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి.

జవాబు రాకపోతే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. బొటనవేలి ఎమోజీ వస్తే? 2023లో కెనడాలోని సస్కచ్వాన్ కోర్టు ఒక ధాన్యం ఒప్పందం కేసులో దాన్ని సంతకంతో సమానంగానే చూసింది. కానీ ఆ ఇద్దరి మధ్య అంతకుముందు కూడా అలాంటి పొట్టి జవాబులతోనే ఒప్పందాలు కుదిరిన అలవాటు ఉంది. మొదటిసారి పనిచేసే మనిషితో ఎమోజీ మీద ఆధారపడకుండా మాటల్లో జవాబు అడగండి. అది అందాకే మొదటి విడత పంపండి. ఫ్రీలాన్సర్ ఏదైనా సవరిస్తే, ఆ ముక్కకు విడిగా "సరే" అనకుండా మొత్తం మెయిల్‌ను సవరించి మళ్లీ పంపాలి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఏది చివరి మాటో ఇద్దరికీ తెలియదు.

మెయిల్ చాలని చోటు కాపీరైట్. చాలా దేశాల్లో, చేసిన డిజైన్ హక్కు పూర్తిగా బదిలీ కావాలంటే చేసినవారి సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు మారదు. దీనికి మాత్రం ఒక పేజీ కాగితం విడిగా రాసుకుని సంతకం పెట్టించుకోవడం మంచిది.

ఇక పని సగంలో ఉండగా "ఆన్‌లైన్ పేమెంట్ కూడా పెట్టేద్దామండీ" అని ఫోన్‌లో అనేస్తారు, అవతలివారు సరేనంటారు. అప్పుడు కూడా అదే మెయిల్ కింద రెండు వాక్యాలు చేర్చి పంపాలి: "పేమెంట్ అదనం, దానికి 150 డాలర్లు ఎక్కువ. సైట్ గడువు జూన్ 30 నుంచి జూలై 6కి మారుతుంది." ఒప్పుకుంటున్నట్టు జవాబు వచ్చేదాకా ఫ్రీలాన్సర్ ఆ భాగం ముట్టుకోకూడదు, చేయించుకునేవారు తొందరపెట్టకూడదు.