అధ్యక్ష స్థానం నుంచి పైకి పలకవలసిన మాటలు

మన కళాశాల సారస్వత సంఘం సమావేశాలకు విద్యార్థులే వంతులవారీగా అధ్యక్షత వహించేవారన్న సంగతి మా తరంవారికి గుర్తుండే ఉంటుంది. వంతు వచ్చినవారు బల్ల దగ్గర కూర్చుంటే, మా తెలుగు మాస్టారు చివరి బెంచీలో కూర్చుని, సభ పూర్తయ్యేదాకా నోరు విప్పకుండా ఒక నోటు పుస్తకంలో ఏదో రాసుకునేవారు. వక్తలు ఏం మాట్లాడారన్నది ఆయన రాసుకునేవారు కాదు. అధ్యక్షుడు ఏ మాట పైకి అన్నాడు, ఏ మాట మనసులోనే ఉంచుకున్నాడు అన్నది మాత్రమే రాసుకునేవారు. ఎంతసేపు మాట్లాడుకోవచ్చో, ఇప్పుడు ఏ విషయం నడుస్తోందో, ఎవరి తర్వాత ఎవరి వంతో, చివరికి ఏం తేలిందో అధ్యక్షుడికి తెలిస్తే చాలదనీ, అది గదిలో చివరి వరుసవారి చెవిన పడాలనీ ఆయన పట్టుబట్టేవారు. సభ అయ్యాక ఆ పుస్తకం తీసి, "ఇక్కడ నువ్వు గడియారం చూశావు, కాని ఏమీ అనలేదు" అని చూపించేవారు. గడియారం వైపు చూడటాన్ని మాట్లాడుతున్న మనిషి గమనించడు. గమనించిన మిగతావారేమో అధ్యక్షుడికి విసుగు పుట్టిందనుకుంటారు.

ఆ శిక్షణ విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది 2014 అక్టోబరులో. ఆ నెల 12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత కొన్ని రోజులపాటు ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు సరిగా పలకలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. మా అపార్టుమెంటులో ఇరవై ఇళ్లు. బోరు మోటారు తిరగక పైన నీళ్లు అయిపోయాయి. సంఘం అధ్యక్షులు వేరే ఊళ్లో చిక్కుకుపోవడంతో ఆ రోజుల్లో ఒక సాయంత్రం కింద పార్కింగులో జరిగిన సమావేశాన్ని నన్ను నడిపించమన్నారు. మైకు లేదు, బోర్డు లేదు, లైటు లేదు. అక్టోబరు మధ్యలో మన ఊళ్లో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, పార్కింగులో ఇంకా ముందే చీకటి పడుతుంది. ఉన్నది నలభై నిమిషాల వెలుతురు, ఒక గొంతు, సంఘం కార్యదర్శి చేతిలో ఒక మినిట్సు పుస్తకం.

ప్రారంభంలో నేను అన్న మాటలు ఇవి: "అందరికీ నమస్కారం. ఇప్పుడు టైము 4:45. మనం 5:25కి ముగిస్తాం, ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఈ రోజు తేల్చవలసినవి రెండే: నీళ్లు ఎలా ఎక్కించాలి, గేటుకు అడ్డంగా పడిన చెట్టు ఎవరు తీయించాలి. నీళ్లకు పాతిక నిమిషాలు, చెట్టుకు పది నిమిషాలు, నిర్ణయాలు చదివి వినిపించడానికి ఐదు నిమిషాలు. పగిలిన అద్దాల సంగతి, నిర్వహణ రుసుము సంగతి ఈ రోజు ఎత్తుకోవడం లేదు." ఈ నాలుగు ముక్కల్లో అన్నింటికంటే పనికొచ్చేది ఆఖరి వాక్యం. ఏం మాట్లాడతామో ప్రతి అధ్యక్షుడూ చెబుతాడు. ఏం మాట్లాడబోమో ముందే చెప్పనివారే ఎక్కువ. అది ముందు చెప్పి ఉంటే, తర్వాత ఎవరైనా రుసుము ప్రస్తావన తెచ్చినప్పుడు ఆపడం ఆ మనిషిని అడ్డుకున్నట్టు కాక, అందరూ విన్న మాటను గుర్తుచేసినట్టు ఉంటుంది. ముగించే సమయానికి కారణం కూడా చెప్పాలి. చీకటి పడుతుందన్న కారణాన్ని ఎవరూ కాదనలేరు.

సమయపాలన అంటే మాట్లాడేవారి నోరు మూయించడమని చాలామంది అనుకుంటారు. మాస్టారు దానికి వేరే మార్గం నేర్పారు. ఒక మనిషి చెప్పిందే చెబుతున్నాడంటే, తన మాట ఎవరికైనా చేరిందో లేదో అతనికి నమ్మకం కుదరలేదని అర్థం. కాబట్టి "త్వరగా ముగించండి" అంటే అతను మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు. అతని మాటను అధ్యక్షుడే ఒక్క వాక్యంలో తిరిగి చెప్పి, రాయించి, తర్వాతి ప్రశ్న వేయాలి. ఆ రోజు స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మోటారు గురించి మొదలుపెట్టి జనరేటర్ల చరిత్రలోకి వెళ్లారు. ఆయన ఊపిరి తీసుకున్న చోట నేను, "ఇంజనీరుగారూ, మనది ఐదు హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు కాబట్టి ఇళ్లలో వాడే చిన్న జనరేటర్ దాన్ని లాగదు, పదిహేను కేవీఏది కావాలి అన్నారు. కార్యదర్శిగారు రాసుకున్నారు. అలాంటిది ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు ఎవరు?" అన్నాను. ఆయన "అంతే, అంతే" అని కూర్చున్నారు. ఇందులో వరుస ముఖ్యం: ముందు పేరో పిలుపో, తర్వాత ఆయన మాట సారం, తర్వాత అది నమోదైందన్న హామీ, ఆపైన కొత్త ప్రశ్న. సారం తప్పుగా చెబితే ఆయన సరిదిద్దుతారు, దానికి అర నిమిషం పట్టినా నష్టం లేదు. సారం చెప్పకుండా నేరుగా కొత్త ప్రశ్నకు దూకితే మాత్రం అది అవమానంగానే తోస్తుంది.

మిగిలిన సమయాన్ని కూడా నేను రెండుసార్లు పైకి ప్రకటించాను, సగం గడిచినప్పుడు ఒకసారి, ఐదు నిమిషాలు ఉన్నప్పుడు ఒకసారి. ఎవరో ఒకరు మాట్లాడుతుండగా మధ్యలో ప్రకటిస్తే అది వారిమీద విసురులా ఉంటుంది కాబట్టి, ఒకరు ముగించి మరొకరు అందుకునే సందులోనే ప్రకటించాలి.

నోరు విప్పనివారిని మాట్లాడించడం గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే ఆ రోజు సభ గట్టెక్కింది అక్కడే. మన సభల్లో పెద్దవారు ముందు మాట్లాడితే చిన్నవారు ఆ తర్వాత వేరే మాట అనరు. అనడం మర్యాద కాదనుకుంటారు. ఇళ్ల యజమానులు మాట్లాడుతుంటే అద్దెకున్నవారు తమకు ఆ హక్కు లేదనుకుంటారు. "ఇంకా ఎవరైనా ఏమైనా చెబుతారా?" అన్న ప్రశ్నకు వీరిలో ఏ ఒక్కరూ జవాబివ్వరు, ఎందుకంటే అది ఎవరినీ అడిగిన ప్రశ్న కాదు. అలాగని ఉన్నట్టుండి "మీరు చెప్పండి" అని వేలు చూపిస్తే ఆ మనిషి కంగారుపడి "నాదేముంది, అందరూ ఎలా అంటే అలాగే" అంటారు. దీనికి మాస్టారు చెప్పిన ఉపాయం రెండు భాగాలు. మొదటిది, అడగబోతున్నామని ఒక వంతు ముందే చెప్పడం. రెండోది, అభిప్రాయం కాకుండా వారు కళ్లారా చూసినదాన్ని అడగడం. అభిప్రాయం చెబితే ఎవరితోనో విభేదించినట్టవుతుంది. చూసింది చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు.

అందుకని నేను, "ముందు అద్దెకున్నవారిని అడుగుతాను, తర్వాత నాలుగో అంతస్తు మామ్మగారిని, పెద్దవారి మాట ఆఖరున తీసుకుంటాను" అని వరుస ప్రకటించాను. కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు తన ఆఫీసు వీధిలో జనరేటర్లు అద్దెకిచ్చే షెడ్డు తెరిచి ఉండటం చూశానన్నాడు. ఒంటరిగా ఉండే మామ్మగారిని, "మామ్మగారూ, నిన్న మీకు నీళ్లు ఎలా వచ్చాయి?" అని అడిగాను. పక్కింటి పిల్లలు ఒక బకెట్టు తెచ్చిపెట్టారనీ, ఆ బకెట్టుతోనే రోజంతా గడిపాననీ ఆవిడ మెల్లగా చెప్పారు. అప్పటిదాకా అక్కడున్నవారిలో సగంమందికి ఆ సంగతి తెలియదు. తర్వాత నేను అందరినీ, "తుపాను అయ్యాక మేడమీదికి ఎక్కి ట్యాంకులు చూసినవారు ఎవరు?" అని అడిగాను. యజమానుల్లో ఒక్కరి చెయ్యీ లేవలేదు. గోడవార నిలబడ్డ వాచ్‌మన్ మాత్రం తల ఎత్తి మళ్లీ దించుకున్నాడు. అతను సభ్యుడు కాదు, ఓటు లేదు. సమాచారం చెప్పడానికి సభ్యత్వం అవసరం లేదని నేను పైకి అని, అతన్ని చెప్పమన్నాను. రెండు ప్లాస్టిక్ ట్యాంకుల్లో పడమటి వైపుది గాలికి దిమ్మ మీదినుంచి ఎగిరిపోయిందనీ, దానికి వెళ్లే గొట్టం విరిగి నోరు తెరుచుకుని ఉందనీ చెప్పాడు. అంటే మేమంతా పావుగంటనుంచి వాదించుకుంటున్న జనరేటర్‌ను తెచ్చి మోటారు వేసి ఉంటే, క్యూలో నిలబడి తెచ్చిన డీజిలు కాస్తా కాల్చి నీళ్లను మేడమీద పారబోసేవాళ్లం.

చెట్టు విషయం వచ్చేసరికి, దాని కింద పడినవాటిలో నా కారు కూడా ఉంది. అందుచేత ఆ పది నిమిషాలకు నా స్థానాన్ని కార్యదర్శిగారికి అప్పగిస్తున్నానని కారణంతో సహా ప్రకటించి పక్కకు జరిగాను. తనకు లాభనష్టాలున్న విషయంలో అధ్యక్షుడు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా వినేవారికి ఆ నమ్మకం కలగదు. చెప్పకుండా తప్పుకోవడం కూడా పనికిరాదు.

ఇక నిర్ణయాల సంగతి. వీటిని సభ చివర ఒక్కసారిగా కాకుండా, ఒక్కో విషయం తేలిన వెంటనే, కలం నడిచే వేగంతో చెప్పాలి. "గొట్టం మూయించాలి" అని ముగిసే వాక్యాన్ని మాస్టారు నిర్ణయంగా ఒప్పుకునేవారు కాదు. ఎవరు, ఎప్పటికి అన్న రెండూ అందులో లేవు. నేను చెప్పి రాయించినది ఇలా ఉంది: "రేపు ఉదయం 8 గంటల్లోపు వాచ్‌మన్‌తో కలిసి 203వారు ప్లంబరును తెచ్చి విరిగిన గొట్టానికి మూత వేయిస్తారు. అది అయిందని 203వారు చెప్పాకే ఇంజనీరుగారు, 104లో ఉన్న కుర్రాడు వెళ్లి జనరేటర్ తెస్తారు. అద్దె, డీజిలు ఇరవై ఇళ్లకూ సమానం. తూర్పు ట్యాంకు నిండగానే మోటారు ఆపుతారు. మామ్మగారింటికి మొదటి నీళ్లు రెండో అంతస్తు పిల్లలు చేరుస్తారు." తర్వాత "సరేనా?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు తలలు వాటంతటవే ఊగుతాయి, అందులో సమ్మతి ఎంతో తెలియదు. పని ఒప్పుకున్న ఒక్కొక్కరినీ వారి పని వారి నోటితోనే చెప్పమన్నాను. 203లో ఉండే ఆయన "రేపు సాయంత్రంలోగా ప్లంబరును..." అని మొదలుపెట్టారు. ఉదయమని నేను చెప్పినా ఆయనకు సాయంత్రమని వినిపించింది. అక్కడికక్కడ సరిదిద్దుకోకపోతే జనరేటర్ తేవడమూ, దాంతోపాటు నీళ్లూ ఒక పూటంతా ఆలస్యమయ్యేవి.

ఈ పద్ధతికి లొంగని సభలూ ఉన్నాయి. పాత లెక్కల మీద అనుమానాలు రగులుతున్న చోట వంతులు, నిమిషాలు పనిచేయవు. ముందు లెక్కల పుస్తకం బల్ల మీదికి రావాలి. నిర్ణయించే అధికారం ఉన్నవారు రాని సభలో ఎంత చక్కగా సారాంశం చెప్పినా అది సిఫారసు మాత్రమే అవుతుంది, ఆ మాట కూడా పైకి చెప్పి మినిట్సులో అలాగే రాయించాలి. సభ సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి నేను ఇప్పటికీ చూసేది ముగిసిన తర్వాతి ఐదు నిమిషాలను. జనం మెట్ల దగ్గర గుంపులుగా నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారంటే, అసలు మాట సభలో రాలేదన్నమాట. అప్పుడు ఆ గుంపులో ఒకరిని విడిగా కలిసి విషయమేమిటో తెలుసుకుని, వారు ఒప్పుకుంటే, తర్వాతి సమావేశపు ఎజెండాలో దాన్ని మొదటి అంశంగా పెట్టిస్తాను.