నేను కట్టిన పాతికవేలు ఎక్కడికి పోయాయి? ఓవర్‌డ్రాఫ్ట్‌తో నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. పక్క షట్టర్ ఖాళీ అయింది, ఓనరు అడ్వాన్స్ వెంటనే కావాలన్నాడు. మాకున్నదంతా నా పేరు, మా ఆయన పేరు కలిపి వేసిన 2 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. అది కదిలించడం ఇష్టం లేదు. అదే బ్యాంకు నుంచి ఫోన్ చేసిన ఒకమ్మాయి, "ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టుకోండి మేడమ్, అది అసలు లోన్ కాదు, మీ డబ్బు మీరే వాడుకోవడం" అని చెప్పింది.

కాగితాల పని తేలిగ్గానే అయింది. ఎఫ్‌డీ రసీదు వెనక ఇద్దరం సంతకాలు పెట్టాం, ఫారం నింపాం, ఓవర్‌డ్రాఫ్ట్‌కి ఓడీ ఖాతా అని కొత్త నంబరు ఇచ్చారు. జాయింట్ ఎఫ్‌డీ అయితే ఇద్దరూ వెళ్లాలి, ఒక్కరే వెళ్తే ఆ పని కాదు.

జూన్ 5న ఓనరుకి 60 వేలు పంపాను. 15న ఒక ఆఫీసు కేటరింగ్ బిల్లు వస్తే 25 వేలు ఆ ఖాతాలో వేశాను. జులై మొదట్లో 254 రూపాయలు కట్ అయ్యాయని మెసేజ్ వచ్చింది. యాప్ తెరిస్తే బ్యాలెన్స్ దగ్గర 35,254, పక్కన Dr అని ఉంది. కింద Available అనే చోట 1,44,746 చూపిస్తోంది. నేను కట్టిన పాతికవేలు ఏ లెక్కలోనూ కనబడలేదు. నా డబ్బు నేను వాడుకుంటే వడ్డీ దేనికి? 1,44,746 నాదైతే 35,254 ఎవరిది? ఎఫ్‌డీ 2 లక్షలూ అలాగే కనిపిస్తోంది. ఆ రాత్రి నిద్ర లేదు.

పొద్దున్నే బ్రాంచికి వెళ్లాను. మొదటి కౌంటర్లో ఉన్నాయన ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "మీరు బ్యాంకుకి బాకీ ఉన్నారమ్మా, అప్పు తీసుకుని నా డబ్బేదీ అంటే ఎలా?" అని గట్టిగా అన్నాడు. వెనక లైన్లో మా కొట్లో రోజూ సాంబారు, పప్పు కొనుక్కెళ్లే కుర్రాళ్లు ఇద్దరున్నారు. పదిహేనేళ్ల వ్యాపారంలో కూరగాయల మండీలో కూడా ఒక్క రూపాయి బాకీ పెట్టలేదు నేను. కళ్లలో నీళ్లు ఆపుకోవడమే కష్టమైంది. కౌంటర్ వెనక కూర్చునే వాళ్లకి ఒక్కటే చెప్తాను: అడిగినదానికి జవాబు చెప్పండి, లైన్లో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా మా ఖాతా చదవకండి.

మూలన బల్ల దగ్గరున్న కుర్రాడు లేచి వచ్చి, "అక్కా, ఇట్లా రండి" అన్నాడు తెలుగులో. ముళబాగిలు వైపు వాడట, అక్కడ తెలుగు బాగానే నడుస్తుంది. కుర్చీ వేసి, డిపాజిట్ స్లిప్పు వెనక్కి తిప్పి, మధ్యలో అడ్డంగా ఒక గీత గీశాడు. గీత పక్కన సున్నా రాశాడు.

"అక్కా, మీ సేవింగ్స్ ఖాతాలో డబ్బు ఎప్పుడూ ఈ గీతకి పైనే ఉంటుంది. ఓడీ ఖాతా ఈ గీత దగ్గర మొదలై కిందకి పోతుంది. ఎంత కిందకి పోవచ్చో చెప్పేది లిమిట్. మీ ఎఫ్‌డీలో 90 శాతం, అంటే 1,80,000."

గీత కింద 60,000 రాశాడు. "5వ తేదీన మీరు ఇంత కిందకి దిగారు. 15న పాతికవేలు వేస్తే అది పైన కూర్చోదు, ఈ గుంత పూడుస్తుంది. 60 పోయి 35 మిగిలింది. Dr అంటే ఆ బాకీయే. మీ పాతికవేలు అక్కడున్నాయి."

"మరి ఆ 1,44,746?"

"అది మీ డబ్బు కాదక్కా. బ్యాంకు మీకు ఇంకా ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు. లిమిట్‌లోంచి మీరు వాడింది తీసేస్తే వచ్చేది."

"ఫోన్లో ఆ అమ్మాయి లోన్ కాదందే సార్?"

తలకాయ అడ్డంగా ఊపాడు. "లోనే అక్కా. మీ ఎఫ్‌డీ తాకట్టు. అందులో డబ్బు ఒక్క రూపాయి కదల్లేదు, దానికి 7 శాతం వడ్డీ వస్తూనే ఉంటుంది. మీరు వాడింది బ్యాంకు డబ్బు, దానికి మీరు 8 శాతం కడతారు."

అంతసేపూ నన్ను తినేసిన ముడి అక్కడ విడిపోయింది. ఆ ఒక్క మాట ఫోన్లోనే చెప్పి ఉంటే నాకీ అవమానం ఉండేది కాదు. లోన్ కాదు అని చెప్పి ఓవర్‌డ్రాఫ్ట్ అంటగట్టే వాళ్ల మాట నమ్మకండి.

254 లెక్క కూడా వేయించుకున్నాను. రోజు ముగిసేసరికి ఎంత బాకీ ఉందో దానికే వడ్డీ. 60 వేలకి 8 శాతం అంటే ఏడాదికి 4,800, దాన్ని 365తో భాగిస్తే రోజుకి 13 రూపాయల 15 పైసలు. 5 నుంచి 14 దాకా పది రోజులు, 131.50. 15 నుంచి నెలాఖరు దాకా పదహారు రోజులు 35 వేల మీదే, రోజుకి 7 రూపాయల 67 పైసలు, అది 122.72. రెండూ కలిపితే 254. లిమిట్ 1,80,000 ఉన్నా వాడని దానికి వడ్డీ పడలేదు. అప్పటికి నా మనసు కుదుటపడింది.

అప్పుడే ఇంకో సంగతి అడిగాడు, "రోజూ యూపీఐలో వచ్చే డబ్బు ఎక్కడ ఉంచుతున్నారక్కా?" సేవింగ్స్‌లో అన్నాను. అక్కడ మూడు శాతం కూడా రాదు, ఇక్కడ ఎనిమిది పోతోంది. కూరగాయలకి పక్కన పెట్టుకుని మిగతాది రాత్రి ఓడీ ఖాతాకి మార్చేయమన్నాడు. మళ్లీ కావాలంటే తెల్లారి తీసుకోవచ్చు, ఆ ఒక్క రాత్రి వడ్డీ మిగిలినట్టే. వ్యాపారం చేసేవాళ్లకి ఓడీ పనికొచ్చేది ఇందుకే అని నాకిప్పుడు అర్థమైంది. నెలనెలా ఒకే వాయిదా కట్టగలిగే జీతగాళ్లకి మామూలు లోనే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే ఓడీలో ఫలానా తేదీకి అసలు తీర్చాలని ఎవరూ గుర్తుచేయరు.

జాగ్రత్తలు రెండు చెప్పాడు. నెలాఖరున పడే వడ్డీ కూడా బాకీలోనే కలుస్తుంది, కట్టకపోతే వచ్చే నెల దానికీ వడ్డీ. నా 35,254లో చివరి 254 అదే. రెండోది, ఎఫ్‌డీ గడువు. ఆ రోజుకి బాకీ ఉంటే బ్యాంకు ఎఫ్‌డీలోంచి పట్టుకుని మిగతాదే ఇస్తుంది. మాది వచ్చే మార్చిలో అయిపోతుంది. రెన్యువల్ చేసుకుంటే ఓడీ లిమిట్ కూడా మళ్లీ పెట్టించుకోవాలట, అందుకు ముందే ఒకసారి రమ్మన్నాడు.

వెళ్లేముందు యాప్‌లో నా చేతే 254 కట్టించాడు. Dr పక్కన సరిగ్గా 35,000, Available దగ్గర 1,45,000 అయ్యాయి. సాయంత్రం కొట్టు మూశాక మా ఆయన్ని కూర్చోబెట్టి, ఒక కాగితం మీద గీత గీసి ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన ఎఫ్‌డీ తీసేసి బాకీ తీర్చేద్దామన్నాడు. గడువుకు ముందు తీస్తే వడ్డీ రేటు తగ్గించి ఇస్తారు, అందుకని వద్దన్నాను. మిగిలిన 35 వేలు దసరా కేటరింగ్ ఆర్డర్లతో తీర్చాలని లెక్క వేసుకున్నాం.