ఈటెకి ఎన్ని దెబ్బలు?

"ఇది ఆడేవాళ్ల కోసం రాశావా, ఆడిటర్ కోసం రాశావా?" అంది మా లీడ్, మా వీడియో గేమ్ కొత్త అప్‌డేట్‌లో ఏం మారిందో చెబుతూ నేను పంపిన ప్యాచ్ నోట్స్ చదివి. నాకంటే వయసులో చిన్నది, పైగా అందరి ముందూ అడిగింది. ఇక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం మధ్యాహ్నం దాకా మనసు కుదుటపడలేదు.

నేను రాసింది రెండు వాక్యాలు. "కొన్ని కంప్యూటర్లలో డ్యాష్‌కు సంబంధించిన సమస్య పరిష్కరించబడింది. ఈటె బలం సుమారు 17 శాతం తగ్గించబడింది." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మన దగ్గర సర్వీస్ కంపెనీల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఇలాగే రాస్తారు. రిలీజ్ నోట్ క్లయింట్‌కి చేరేలోపు మేనేజరూ, ఆయన పై మేనేజరూ చూసి, రేపు మనమీదకి వచ్చే వాక్యాలన్నీ కొట్టేస్తారు. అలా వడపోసినట్టు రాయడం ఒక నైపుణ్యమనే నేను ఇప్పటికీ అంటాను. కాకపోతే అది ఒప్పందం చేతిలో ఉన్నవాడి కోసం. మా ఆట ఆడేవాడి చేతిలో ఉన్నది కంట్రోలర్.

"కొన్ని కంప్యూటర్లు అంటే ఏవి? నాది అందులో ఉందా లేదా?" అని అడిగింది తను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే బగ్ ఏమిటో చెప్పాలి. డ్యాష్ చేసినప్పుడు పాత్ర సెకనుకి 12 మీటర్ల వేగంతో దూసుకెళ్లి, మెల్లగా ఆగుతుంది. ఆ ఆపే పని ఈ ఒక్క వరుసది:

```
velocity *= 0.9
```

ఇది ప్రతి ఫ్రేమ్‌కీ ఒకసారి నడుస్తుంది. సెకనుకి 60 ఫ్రేములు చూపించే మానిటర్ మీద 60 సార్లు బ్రేక్ పడితే, 144 చూపించే దానిమీద 144 సార్లు పడుతుంది. లెక్క కడితే మొదటివాడి డ్యాష్ 2 మీటర్లు, రెండోవాడిది 83 సెంటీమీటర్లు. అంటే ఖరీదైన మానిటర్ కొనుక్కున్నవాడు గుంటలో పడుతున్నాడు. ఫిర్యాదుల్లో సగం మంది "డ్యాష్ దండగ" అనీ, సగం మంది "మరీ ఎక్కువైంది" అనీ ఎందుకు రాశారో అప్పుడు తేలింది. మీ ఆటలో ఇలాంటి అనుమానం వస్తే ఫ్రేమ్ రేటును 30కి కట్టేసి ఒకసారి, కట్టు తీసేసి ఒకసారి ఆడి చూడండి. దూరం మారితే దొంగ దొరికినట్టే.

సవరించిన వరుస ఇది, `dt` అంటే ఒక ఫ్రేమ్‌కి పట్టిన సమయం:

```
velocity *= pow(0.9, 60 * dt)
```

చివరికి నోట్స్‌లోకి వెళ్లింది ఇలా: "మీ మానిటర్ 60 హెర్ట్జ్ కంటే వేగమైనదైతే, ఇన్నాళ్లూ మీ డ్యాష్ పొట్టిగా పడింది. తప్పు మీ వేళ్లది కాదు, మాది." ఆ రెండో వాక్యం తనే చేర్చింది. నేనైతే చచ్చినా రాయను.

ఈటె దగ్గర మాత్రం వాదన గట్టిగానే జరిగింది. దెబ్బ బలం 24 నుంచి 20కి తగ్గించాం. 17 శాతం అని చదివినవాడు ఆయుధం చచ్చిపోయిందనుకుంటాడు. మామూలు కాపలావాడి ప్రాణం 100. పాత ఈటెతో నాలుగు దెబ్బలకి 96 పోయి, ఐదోదానికి పడేవాడు. కొత్తదానితోనూ సరిగ్గా ఐదుకే పడతాడు, ఏమీ మారలేదు. 120 ప్రాణమున్న డాలు సైనికుడికి మాత్రం ఐదు కాస్తా ఆరవుతాయి. మేము కోరుకున్నదీ అదే, డాలువాడు ఎదురైతే ఆడేవాడు ఈటె పక్కనపెట్టి సుత్తి అందుకోవాలని. "ఆడేవాడు శాతాలు లెక్కపెట్టడు, దెబ్బలు లెక్కపెడతాడు" అంది లీడ్. అది విన్నాక నా దగ్గర మాట లేదు. అసలు అంకె దాచకూడదని మాత్రం పట్టుబట్టాను. ఫైళ్లు విప్పి చూసేవాళ్లు ఎలాగూ పట్టుకుంటారు, అప్పుడు స్నేహంగా రాసిందంతా మాయమాటలా కనిపిస్తుంది. అందుకే "24 నుంచి 20" ముందు, దెబ్బల లెక్క తర్వాత వచ్చింది. జోకులు ఎక్కడా పెట్టలేదు. ఇష్టమైన ఆయుధం తగ్గించి, పక్కనే వెటకారమాడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఇంకో చిక్కు మిగిలింది. ఆ సవరణ తర్వాత కూడా 144 హెర్ట్జ్ మీద డ్యాష్ 2 మీటర్లు కాదు, 1.94. ఫ్రేములు చిన్నవైనకొద్దీ కూడిక కాస్త మారుతుంది. ఈ తేడా పూర్తిగా పోవాలంటే కదలికల లెక్కంతా ఫ్రేములతో పనిలేకుండా, సెకనుకి 60 సార్లు మాత్రమే జరగాలి. అది చేస్తే ఇప్పటికే దాచుకున్న రీప్లేలు దారితప్పుతాయి కాబట్టి పెద్ద అప్‌డేట్‌కి వాయిదా వేశాం. ఆరు సెంటీమీటర్ల సంగతి ఎవరికి కావాలి, వదిలేద్దామన్నాను. తను ఒప్పుకోలేదు. "తెలిసి ఇంకా సరిచేయనివి" అనే శీర్షిక కింద, కారణంతో సహా, నాచేతే రాయించింది.