తొలేళ్ళ రాత్రి, నా కుడి మడమ

విజయనగరంలో బట్టల కొట్టులో పదకొండేళ్ళుగా చీరల సెక్షన్ చూస్తున్నాను. పొద్దున్న పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. మా కొట్టులో పనిచేసేవాళ్ళు చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. లక్ష్మి కొలువున్న చోటని పెద్దాయన నమ్మకం. దాన్ని తప్పుపట్టను, నాకూ ఆ భయభక్తులున్నాయి. కానీ కింద నున్నటి గ్రానైటు రాయి. పదకొండేళ్ళు ఆ రాయి మీద ఉత్తికాళ్ళతో నిలబడ్డాను.

పోయిన ఏడాది ఆషాఢం డిస్కౌంట్ల రద్దీలో మొదలైంది. పొద్దున్న మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టుండేది. పది పదిహేను అడుగులు వేస్తే సర్దుకునేది. దాంతో ఏమీ లేదులే అనుకున్నాను. మళ్ళీ సాయంత్రం ఆరు దాటాక మొదలయ్యేది. "ఓలమ్మా, ఏటలా కుంటుతున్నావు?" అని మా అత్త అడిగితే చీమ కుట్టిందని చెప్పాను.

కొట్టులో తోటిపిల్ల డాక్టర్ చెప్పులు కొనుక్కోమంది. శ్రావణమాసం జీతం అందగానే గంటస్తంభం దగ్గరికి వెళ్ళి, అన్నింట్లోకీ మెత్తగా ఉన్న జత ఏరి ఏరి తెచ్చుకున్నాను. బొటనవేలితో నొక్కితే దూదిలా లోపలికి పోయింది. ఇంత మెత్తన ఉంటే నొప్పి ఎక్కడిది అనుకున్నాను. మొదటి రెండు రోజులు హాయిగానే ఉంది. వారం తిరిగేసరికి మడమతో పాటు అరికాలి వంపు కూడా లాగడం మొదలెట్టింది. నిజానికి ఆ చెప్పులు వేసుకునేది ఇంటి నుంచి కొట్టు దాకా, కొట్టు నుంచి ఇంటి దాకా. మిగతా పదకొండు గంటలూ రాయి మీదే.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు పాదాలకీ ఎక్స్‌రే తీయించారు. ఆయన నా కాలు ముట్టుకోలేదు. ఫిల్మ్ దీపం ముందు పెట్టి, "మడమలో ఎముక పెరిగిందమ్మా, ముల్లులాగ. ఒళ్ళు తగ్గించు, నిలబడే ఉద్యోగం మానెయ్. లేకపోతే ఆపరేషనే" అన్నారు. మూడు వాక్యాలు. నా జీతంతో పిల్ల ఫీజు, చీటీ, మామయ్య మందులు నడుస్తున్నాయని ఆయనకి తెలియకపోవచ్చు, కానీ అడగొచ్చు కదా. మడమలో ఇంజక్షన్ వేశారు. ఐదు వారాలు నొప్పి మాయమైంది. ఆ ఐదు వారాలూ దసరా సీజన్. మరీ ఎక్కువ నిలబడ్డాను.

తొలేళ్ళ రాత్రి నేను మర్చిపోలేనిది. మర్నాడు మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఊరంతా జనం. కొట్టు మూసేసరికి పదకొండు దాటింది. మా ఆయన లారీతో రాయపూర్ వెళ్ళారు, అత్తామామా అమ్మవారి దగ్గరే ఉండిపోయారు. ఇంట్లో నేనూ, తొమ్మిదేళ్ళ పిల్లా. రెండింటికి మెలకువ వచ్చి బాత్రూముకని కాలు దించాను. మడమ నుంచి నెత్తి దాకా ఏదో తెగినట్టయింది. మంచం కోడు పట్టుకోబోయి జారి పడ్డాను. లేవలేకపోయాను. ఇంజక్షన్ వేసిన చోటే లోపలేదో తెగిపోయిందని, ఇక కాలు పోయినట్టేనని అనుకున్నాను. పిల్ల లేచి ఏడుస్తోంది. దాన్ని ఓదారుస్తూ నేల మీద పాక్కుంటూ బాత్రూముకి వెళ్ళాను. దూరంగా డప్పులు వినిపిస్తున్నాయి. "అమ్మా పైడితల్లీ, వచ్చే సిరిమానుకి నా కాళ్ళ మీద నేను నడిచొచ్చి చూస్తాను" అని అక్కడే మొక్కుకున్నాను.

తెల్లారి గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాను. నొప్పి తగ్గింది. అప్పుడు మరీ భయమేసింది, ఇదేం రోగమో అర్థం కాక. కొట్టుకి ఫోన్ చేసి రాలేనంటే మా సూపర్‌వైజరు అన్న మాట, "నిలబడలేనివాళ్ళు ఇంటి దగ్గర కూర్చోవాల". పదకొండేళ్ళ తర్వాత ఆ మాట. దానికి నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మా ఆడపడుచు నన్ను ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడకి నా జన్మంతా దండం పెట్టుకుంటాను. ముందు కాలు చేతిలోకి తీసుకుంది. మడమను రెండు పక్కల నుంచీ గట్టిగా నొక్కింది, నొప్పి లేదు. అక్కడ నొప్పుంటే ఎముకలో చీలిక ఉందేమోనని అనుమానించాలట. తిమ్మిరి ఉందా, షుగరు ఉందా, పొద్దున్న నడుం కూడా పట్టేస్తుందా అని అడిగింది. అప్పుడు అరికాలి వైపు నుంచి, మడమ ముందు అంచున, లోపలి పక్కన బొటనవేలితో ఒకచోట నొక్కింది. కెవ్వున అరిచాను. "అదే" అంది.

మడమ ఎముక నుంచి వేళ్ళ మొదలు దాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది. నిలబడినప్పుడు పాదం వంపు కుంగిపోకుండా పట్టి ఉంచేది అదే. గంటల తరబడి గట్టినేల మీద నిలబడితే అది మడమకి అతుక్కునే చోట లాగి లాగి దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి పట్టీ బిగుసుకుంటుంది. లేచి మొదటి అడుగు వేయగానే ఒక్కసారిగా సాగుతుంది. తొలేళ్ళ రాత్రి జరిగింది అదే, ఏదీ తెగలేదు. మరి ముల్లు సంగతేమిటని అడిగాను. ఆవిడ నా ఎక్స్‌రే చూపించింది. ఎడమ మడమలో కూడా అచ్చం అలాంటి ముల్లే ఉంది. ఎడమకాలికి ఏనాడూ నొప్పి లేదు. నొప్పి లేని చాలామందికి ఆ ముల్లు ఉంటుందట. రెండు నెలలుగా నన్ను భయపెట్టిన ముల్లు అది.

మెత్తటి చెప్పులు చూపిస్తే వాటిని రెండు చేతులతో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టింది. గిర్రున తిరిగిపోయాయి. "చెప్పు ఇలా మెలిపడితే, ఆ మెలికని ఆపాల్సిన పని నీ అరికాలి పట్టీ మీదే పడుతుంది" అంది. మడమ అందులో కూరుకుపోతుంది, వంపు కింద మాత్రం ఏ ఆసరా ఉండదు. ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు స్పర్శ తెలియని పాదాలకి, షుగరు పుళ్ళు రాకుండా ఒత్తిడి పంచడానికి చేసినవి, వాళ్ళకవి తప్పనిసరి. నీకు పైన కాస్త మెత్తన ఉన్నా పరవాలేదు, కింద అట్ట మాత్రం గట్టిగా ఉండాలి అని చెప్పింది.

కార్తీకంలో ఒక ఆదివారం డ్యూటీ అయ్యాక, రాత్రిపూట, మళ్ళీ చెప్పులు కొనడానికి వెళ్ళాను. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి ఆ వేళే కొలత చూసుకోవాలి. నా కుడిపాదం ఎడమదానికంటే కొంచెం పొడుగని ఆ రోజే తెలిసింది. పెద్దపాదానికే కొనాలి. మొదటి జత వెనక పట్టీ లేనిది. వేసుకుని నడిస్తే, జారిపోకుండా వేళ్ళు ముడుచుకుని పట్టుకుంటున్నాయని గమనించాను. పదకొండు గంటలు అలా పట్టుకుంటే అరికాలు ఇంకా లాగుతుంది. పక్కన పెట్టేశాను. రెండో జతకి వెనక పట్టీ ఉంది, అట్టా గట్టిదే. కానీ వంపు కింద ఉండాల్సిన ఎత్తు నాకు మడమకి దగ్గరగా తగిలి పొడుస్తోంది. కొట్టతను "వారం వేసుకుంటే అలవాటైపోతాదమ్మా" అన్నాడు. ఆ మాట నమ్మకండి. ఎత్తు మీ వంపుకి సరిగ్గా కుదరకపోతే అది వేరే పాదానికి చేసిన చెప్పు.

మూడోది చూడ్డానికి మొరటుగా ఉంది, పెళ్ళిచీర కిందికి నప్పదు. మెలిపెడితే మెలిపడలేదు. కొనలు పట్టి వంచితే నడిమధ్య కాకుండా వేళ్ళ మొదట్లోనే వంగింది. మడమ దగ్గర గిన్నెలా పల్లం, చుట్టూ చిన్న గట్టు. బొటనవేలితో నొక్కితే కొంచెం దిగి వెంటనే పైకొచ్చింది. మడమ వైపు వేళ్ళవైపు కన్నా ఒక వేలు మందం ఎత్తుంది. మరీ చదునుగా ఉంటే పిక్క, దాంతోపాటు అరికాలు లాగుతాయట. వార్లకి బకిల్ ఉంది, సాయంత్రం వదులు చేసుకోవచ్చు. అవి వేసుకుని పావుగంట అక్కడే నిలబడ్డాను, నడవలేదు. నా పని నడవడం కాదు, నిలబడడం కాబట్టి. రెండు జతలు తీసుకున్నాను. పన్నెండొందల చొప్పున పడ్డాయి, చేతిలో ఉన్నదంతా అయిపోయింది.

కొన్నవాటిలో రెండో జత ఇంటి కోసం. మంచం పక్కనే పెట్టుకుని, కాలు నేలకి తగలకముందే వేసుకోవాలి. "వంటింట్లో చెప్పులేటమ్మా!" అని అత్త మొదట కోప్పడింది. ఇవి గడప దాటి బయటికి వెళ్ళవు, పూజ దగ్గర విప్పేస్తాను అని చెప్పాను. మర్నాటి నుంచి రాత్రి పడుకునే ముందు తనే వాటిని కడిగి, తుడిచి నా మంచం దగ్గర పెట్టడం మొదలెట్టింది. ఎవరూ చెప్పలేదు.

కొట్టులోనే అసలు గొడవ. ఫిజియో రాసిచ్చిన కాగితం పట్టుకుని, సూపర్‌వైజరుని దాటి నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "బాబుగారూ, ఈ జత వీధి తొక్కదు. కొట్టులోనే విప్పి ఇక్కడే పెట్టి వెళ్తాను" అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు. కౌంటరు వెనక రబ్బరు చాప వేయించారు. నేను ఒక చిన్న పీట తెచ్చుకున్నాను. దాని మీద ఒక పాదం కాసేపు, ఇంకో పాదం కాసేపు పెట్టి నిలబడతాను. కూర్చోడానికి కుర్చీ మాత్రం ఇప్పటికీ లేదు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో కొట్ల చట్టం మార్చి, నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే వసతి ఇవ్వాలని రాశారు. కేరళలో ఆడవాళ్ళు అడిగి సాధించుకున్నది అది. మాకెందుకు లేదని అడగడానికి కాగితం రాసుకుంటున్నాం, ఆరుగురం సంతకం పెట్టాం.

చెప్పులొక్కటే నయం చేశాయని చెప్పను. మంచం దిగకముందు వేళ్ళు వెనక్కి లాగి పది లెక్కపెట్టడం, అలా పదిసార్లు. గోడకి చేతులానించి పిక్క సాగదీయడం. రాత్రి గడ్డకట్టిన నీళ్ళసీసా మీద అరికాలు దొర్లించడం. ఇవన్నీ రోజూ చేశాను. మొదటి నెలన్నర ఏ మార్పూ లేదు. ఏడుపొచ్చేది. సంక్రాంతికి పొద్దుటి పోటు సగమైంది, ఉగాదికి వారంలో రెండు రోజులే వచ్చేది. ఈ ఆషాఢానికి పూర్తిగా పోయింది. చాలామందికి ఏడాది లోపు కత్తి లేకుండానే తగ్గుతుందట. రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోయినా, తిమ్మిరెక్కినా, మడమ వాచి ఎర్రబడినా మాత్రం చెప్పుల కోసం వెతుక్కోకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగరున్నవాళ్ళు మొదటే వెళ్ళండి.

ఈ ఏడు సిరిమానుకి మూడు లాంతర్ల దగ్గర జనంలో మధ్యాహ్నం నుంచి నిలబడ్డాను, పిల్ల చెయ్యి పట్టుకుని. సిరిమాను కదిలినప్పుడు చేతులెత్తి దండం పెట్టాను. అమ్మవారి గుడి దగ్గర మాత్రం చెప్పులు విప్పి ఉత్తికాళ్ళతోనే వెళ్ళాను. మడమ ఏమీ అనలేదు.

కొట్టులో వేసుకునే జతకి కుడి మడమ దగ్గర పల్లం కిందికి దిగిపోయింది. నిన్న నొక్కి చూస్తే పైకి రావడం లేదు. ఈ ఆదివారం డ్యూటీ అయ్యాక కొత్తవి చూడ్డానికి వెళ్తున్నాను, ఆ చీరల సెక్షన్ తోటిపిల్లని కూడా వెంటబెట్టుకుని. దానికి పొద్దుటిపూట మొదటి అడుగు పోటు మొదలైంది.