రామగుండంలో చల్లగా వీచే కూలర్ విశాఖలో ఎందుకు చతికిలపడుతుంది?

మే నెలలో ఈ ప్రశ్న వినని రోజుండదు. కూలర్‌లో లోపం ఉండదు, తేడా అంతా గాలిలోనే. ఒక లీటరు నీరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని తడి ప్యాడ్ గుండా వెళ్లే గాలి నుంచే నీరు లాక్కుంటుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరవ్వదు, చల్లదనమూ రాదు.

ఎంత చల్లబడుతుందో ముందే తెలుసుకోవచ్చు. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి, ఫ్యాన్ ముందు ఐదు నిమిషాలు పెట్టండి. అది చూపే అంకె కంటే కిందికి ఏ కూలరూ దిగదు. బయటి గాలి వేడికీ ఆ అంకెకూ ఉన్న తేడాలో 80 శాతం వరకు మంచి ప్యాడ్ తగ్గించగలదు. రామగుండంలో 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుంటే తడిగుడ్డ 24 దగ్గర ఆగుతుంది, కూలర్ గాలి 28కి దిగుతుంది. విశాఖలో 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే తడిగుడ్డే 30 చూపిస్తుంది. కూలర్ గాలి 31. పైగా ఆ గాలి తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఒంటి మీది చెమట ఆరదు, జిడ్డుగా ఉంటుంది. అలాంటి రోజు పంపు ఆపేసి ఫ్యాన్ మాత్రం నడపండి.

తలుపులన్నీ మూస్తే రామగుండంలోనూ ఇదే గతి, కాసేపటికి గదే విశాఖ అవుతుంది! కూలర్‌ను కిటికీ బయట పెట్టి, ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. ట్యాంకులో ఐసు వేయడం పెద్దగా ఉపయోగపడదు: కిలో ఐసు కరిగి లాగే వేడి, లీటరు నీరు ఆవిరై లాగే వేడిలో ఏడో వంతే.