వేలు పెట్టి చూపించే కడుపునొప్పి

నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన ఒకామెకు రెండేండ్ల నుంచి బొడ్డుకు కుడిపక్క నొప్పి. గ్యాస్ గోలీలు, రెండు స్కానింగులు, ఎండోస్కోపీ అయినా ఏమీ దొరకలేదు. "ఎక్కడమ్మా?" అంటే ఒక్క వేలితో ఒకే చోట చూపింది. ఇది లోపలి అవయవానిది కాదు, పొట్ట గోడలోని నరానిదేమోనని మాకు అనుమానం అక్కడే మొదలైంది.

వెల్లకిలా పడుకోబెట్టి, ఆ చోట వేలితో అదిమి, చేతులు ఛాతీ మీద కట్టుకొని తల, భుజాలు లేపమన్నాం. నొప్పి పెరిగింది. లోపలి అవయవానిదైతే బిగిసిన కండరం అడ్డుపడి తగ్గేది. ఇలాంటి నొప్పిలో పొట్ట కండరం అంచులోంచి నరం కొస బయటికొచ్చే ఇరుకులో నొక్కుకుపోతుంది. మామూలు స్కానింగులో అది కనబడదు.

అక్కడే తిమ్మిరెక్కించే మందు లిగ్నోకైన్ 1 శాతంది 5 మి.లీ. సూదితో ఇస్తే పావుగంటలో నొప్పి తగ్గింది, రోగమేదో రూఢి అయింది. కొందరికి మళ్లీ ఇవ్వాల్సొస్తది. సూది ఆ బిందువు తప్పితే పనిచెయ్యదు. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఈ ఒక్క పరీక్షతో ఆగొద్దు.