రిమోట్‌ది తప్పు కాదు

కడపలో మే నెల మధ్యాహ్నం. ఏసీ రిమోట్ ఎంత నొక్కినా పలకలేదు. అమ్మకు ఉక్కపోస్తుంటే నాకు టెన్షన్.

రిమోట్ తెర మీద అంకెలు కనిపిస్తున్నాయి కదా, సెల్స్ బాగానే ఉన్నాయనుకున్నాను. అది పొరపాటు. సెల్స్ బలహీనపడినా తెర మీద అంకెలు కనిపించొచ్చు, సిగ్నల్ పంపే శక్తి మాత్రం ఉండకపోవచ్చు. రెండూ కొత్తవి వేశాను. తెర మీద తాళం గుర్తు లేదు, అంటే లాక్ పడలేదు. అయినా ఏసీ కదల్లేదు.

అప్పుడు ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ కొసను పెట్టి బటన్ నొక్కాను. రిమోట్ పంపే, కంటికి కనపడని వెలుగు ఫోన్ తెరపై ఊదారంగులో మిణుకుమంది. రిమోట్ బాగానే ఉంది!

గోడ మీది యూనిట్ ముందు మూత ఎత్తితే చిన్న బటన్ ఉంది. నొక్కగానే ఏసీ ఆన్ అయింది. అంటే లోపం సిగ్నల్ అందుకునే చోటే. అక్కడుండే కిటికీ లాంటి చిన్న నల్లటి భాగాన్ని పొడిగుడ్డతో తుడిచినా లాభం లేకపోయింది.

సాయంత్రం మెకానిక్ అన్న వచ్చి, దాని వెనకున్న రిసీవర్ ఉండే చిన్న బోర్డు మార్చాడు. అంతవరకూ అమ్మ ఆ బటన్‌తో వచ్చిన చల్లగాలిలోనే నిద్రపోయింది. ఆ బటన్ ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.